రాళ్ల బరువుకు కూడా బంగారం ధర వేశారు: డబ్బు వెనక్కి ఇవ్వాలని ఫిర్యాదు

విజయవాడ

మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నెల మా అమ్మాయి పెళ్లికి మీ షాపులో 22 క్యారెట్ల బంగారంలో కెంపుల నెక్లెస్ కొన్నాం. బిల్లులో రాళ్ల బరువు తక్కువ తీసి, ఆ తేడాకు మా దగ్గర బంగారం ధర వసూలు చేశారు.

ఆ రోజు మీ సేల్స్‌మన్ నెక్లెస్‌ను కాటా మీద పెట్టారు. 42.600 గ్రాములు. అది మేం కళ్లారా చూశాం. రాళ్ల బరువు అలా చూసేది కాదు, అవి పొదిగేసి ఉంటాయి. కంప్యూటర్‌లో ఎంత ఉంటే అంతే నమ్మాలి. అందులో 3.200 గ్రాములు ఉందని తీసేసి, నికర బరువు 39.400 వేశారు. పెళ్లి హడావుడిలో డబ్బు కట్టేసి వచ్చాం.

ఇంటికొచ్చాక బిల్లులో రాళ్ల వరుస చూశాను. కెంపులు 27 క్యారెట్లు, క్యారెట్ 800 చొప్పున 21,600 రూపాయలు. బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత, రాళ్లలో మాత్రం బరువు. ఒక క్యారెట్ 0.200 గ్రాము. ఆ లెక్కన 27 క్యారెట్ల కెంపులు 5.400 గ్రాములు తూగాలి. మీరు తీసింది 3.200. అంటే 2.200 గ్రాముల రాయికి ఒకసారి కెంపు ధర, ఇంకోసారి బంగారం ధర కట్టాం.

గ్రాము 9,000 చొప్పున అది 19,800 రూపాయలు. దాని మీద 18 శాతం వేస్టేజీ 3,564. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 701. కలిపితే 24,065 రూపాయలు.

అడిగితే కౌంటర్‌లో "ఈ డిజైన్‌కి యావరేజ్‌గా అంతే తీస్తాం మేడమ్, హాల్‌మార్క్ ఉంది కదా" అన్నారు. హాల్‌మార్క్ చెప్పేది బంగారం స్వచ్ఛత గురించి. రాళ్లు ఎంత తూగాయో అది చెప్పదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. అదే నెక్లెస్‌ను ఎక్స్‌ఛేంజ్‌కి ఇస్తే ఎంత వస్తుందని అడిగితే, మీవాళ్లు రాసిచ్చిన చీటీలో రాళ్ల బరువు 5.400 గ్రాములు తీశారు. అమ్మేటప్పుడు 3.200 తూగిన రాళ్లే కొనేటప్పుడు 5.400 ఎలా అయ్యాయి? ఆ చీటీ, బిల్లు, నెక్లెస్‌కున్న ట్యాగ్ మూడూ నా దగ్గర ఉన్నాయి. జిరాక్స్ కాపీలు జత చేస్తున్నాను.

రాళ్లు నిజంగా 16 క్యారెట్లేనని మీరంటే, 11 క్యారెట్లకు 8,800 రూపాయలు, దాని మీద జీఎస్టీ ఎక్కువ తీసుకున్నట్టు. ఎలా చూసినా ఆ బిల్లు తప్పే. అనుమానముంటే మా ఎదుటే రాళ్లు ఊడదీసి తూచి, మీ ఖర్చుతోనే మళ్లీ పొదిగించండి.

15 రోజుల్లో 24,065 రూపాయలు నా ఖాతాలో వేసి, నికర బరువు 37.200 గ్రాములుగా సరిచేసిన బిల్లు ఇవ్వండి. లేదంటే తూనికలు కొలతల శాఖకు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవే కాగితాలతో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్