చిన్న రైస్ మిల్లుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గ పని ఒక్కటే జరిగింది. మన సభ్యుడొకరి మిల్లులో ఊక బ్లోయరుకున్న 30 కిలోవాట్ల పాత ఐఈ1 తరగతి మోటారు తీసి, అంతకన్నా సామర్థ్యం ఎక్కువుండే ఐఈ3 తరగతిది 15 కిలోవాట్లది పెట్టించాం.

పెద్ద మోటారు కనబడితే చాలు, మార్చేయాలని కిందటి సమావేశంలో అందరం అనుకున్నాం. మీటరు పెట్టి చూశాక అది సగమే నిజమని తేలింది. లోడు మీద మోటారు 12.9 కిలోవాట్లు తీసుకుంటోంది. బెల్టు విప్పి ఉత్తినే తిప్పితే 1.5! అందులో పెద్ద వాటా ఐరన్ లాస్‌ది, అంటే మోటారు లోపలి ఇనుప రేకుల్లో వేడిగా పోయేది. తక్కినది బేరింగులు, ఫ్యాను, తీగచుట్టల్లో పోయే కాస్త కాపర్ లాస్. లోడు ఎక్కాక పెరిగే నష్టం 0.4కి మించలేదు. అంటే బ్లోయరుకు అందేది 11 కిలోవాట్లే.

ఆ మోటారు రెండుసార్లు రీవైండింగు అయింది. పాత తీగ ఊడదీయడానికి గ్యాసు మంట పెట్టారట. ఆ వేడికి స్టాంపింగులనే ఆ ఇనుప రేకుల మధ్య పూత మాడి ఐరన్ లాస్ పెరిగింది. లోడున్నా లేకున్నా ఆ నష్టం తగ్గదు.

కొత్త మోటారు సామర్థ్యం 92.1 శాతం. అదే 11 కిలోవాట్లకు 11.95 తీసుకుంటుంది. ఆదా 0.95 కిలోవాట్లు, ఏడాదికి 4000 గంటల చొప్పున 3800 యూనిట్లు. యూనిట్ 7.50 లెక్కన 28,500 రూపాయలు. మోటారు, బిగింపు కలిపి 70,000 అయింది, పాతది తుక్కుకు వేస్తే 15,000 వచ్చింది. మిగిలిన 55,000 రెండేళ్లలోపే తిరిగొస్తుంది.

అదే మోటారు రీవైండింగు కాకుండా బాగుంటే? ఆ లోడు దగ్గర 89.5 శాతం దాకా ఇచ్చేది. అప్పుడు ఆదా 0.35 కిలోవాట్లే, డబ్బు రావడానికి అయిదేళ్లు పైనే. సీజనులో 1500 గంటలే తిరిగే మిల్లుకైతే, చెడిపోయిన మోటారు మార్చినా అంతే కాలం పడుతుంది. అలాంటివాళ్లు కాలిపోయినప్పుడు మార్చుకోవడమే మేలు.

కొత్తదాని షాఫ్టు 55 మిల్లీమీటర్లు కాదు, 42. పాత పుల్లీ పట్టదు, బెడ్ రంధ్రాలూ కలవవు. ఇది ముందే చూసుకోక ఒక రోజు మిల్లు ఆగింది. తప్పు నాదే.

రాత్రి పదింటిదాకా నిలబడి రీడింగులు రాసిన ముగ్గురు ఆపరేటర్లకు, భోజనాలు పంపిన అధ్యక్షులవారి ఇంటివారికి కృతజ్ఞతలు. కొలతలకు వస్తామని పేర్లిచ్చిన పన్నెండు మందిలో వచ్చింది నలుగురు. ఇంజనీరును పంపుతామన్న విద్యుత్ అధికారులు మూడు ఉత్తరాలు రాసినా పలకలేదు.

జమాఖర్చులు కోశాధికారిగారు వెనక పేజీలో జతపరిచారు. మీటరు కొన్నందున నిల్వ తగ్గింది. ఆ మీటరు క్లాంపు ఒకటి కనిపించడం లేదు. ఎవరి దగ్గరుందో దయచేసి ఆఫీసులో అప్పగించండి.

ఇట్లు,
కార్యదర్శి