తప్పు ఎడమ బేరింగ్‌ది, మార్చింది కుడి బేరింగ్

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ముందు చక్రం రొద తగ్గకపోవడం గురించి ఫిర్యాదు

నమస్కారం.

మా కారు ముందు నుంచి గుయ్యిమని రొద వస్తోందని కూకట్‌పల్లిలోని మీ వర్క్‌షాప్‌లో ఇచ్చాను. డ్రైవర్ సైడ్ బేరింగ్ పోయిందని కొత్తది వేసి బిల్లు కట్టించుకున్నారు. బండి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే రొద మళ్లీ మొదలైంది. ఇసుమంత కూడా తగ్గలేదు.

బండి ఇచ్చేటప్పుడే అన్నీ చెప్పాను. నలభై దాటాక మొదలై, వేగంతో పాటు పెరుగుతుంది. అదే వేగంలో గేరు మార్చినా, క్లచ్ తొక్కినా మారదు కాబట్టి ఇంజిన్‌ది కాదు. సిమెంటు రోడ్డు మీదా తారు రోడ్డు మీదా ఒకేలా ఉంది కాబట్టి టైర్ల మీద అనుమానం తక్కువ. కుడికి తిరిగే వంపులో రొద పెరుగుతుంది, ఎడమకు తిరిగితే దాదాపు ఆగిపోతుంది. జాబ్ కార్డ్‌లో మాత్రం "కుడి టర్నింగ్‌లో శబ్దం" అని ఒక్క ముక్క రాశారు. మీ మెకానిక్ అది చూసి కుడి చక్రమే అనుకున్నట్టున్నాడు.

అసలు సంగతి తిరగబడి ఉంటుంది. ఆటో కుడికి తిరిగితే లోపల కూర్చున్న మనం ఎడమకు ఒరుగుతాం కదా, బండి బరువూ అలాగే ఎడమ చక్రాల మీద పడుతుంది. అరిగిన బేరింగ్ మీద బరువు పెరిగితే రొద పెరుగుతుంది. అంటే మొదట అనుమానించాల్సింది క్లీనర్ సైడ్‌ని. ఒక్కోసారి ఈ లెక్క తప్పుతుంది, కాదనను. అందుకే బేరింగ్ విప్పే ముందు బండి లేపి చూడాలి.

మీవాళ్లు లేపారట, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే రెండువైపులా వదులు, అంటే ప్లే, లేదట. బేరింగ్ లోపలి గుండ్లు తిరిగే దారి గుంటలు పడ్డాక ముందు వచ్చేది రొదే, ప్లే చాలా తర్వాత వస్తుంది. ప్లే లేదంటే బేరింగ్ బాగున్నట్టు కాదు. మా వీధి గ్యారేజీలో బండి జాకీ మీద లేపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేయి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టి చూశారు. డ్రైవర్ సైడ్ నున్నగా తిరిగింది. క్లీనర్ సైడ్ స్ప్రింగ్‌లో గరగరమని అదురు నా వేళ్లకూ తెలిసింది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు, మీ దగ్గర లిఫ్టే ఉంది.

క్లీనర్ సైడ్ బేరింగ్ ధర నేను ఇస్తాను, అది ఎలాగూ పోయిందే. లేబర్ చార్జీ మాత్రం వద్దు. అక్కర్లేకుండా మార్చిన డ్రైవర్ సైడ్ బేరింగ్ ధర, దాని లేబర్ వాపసు ఇవ్వండి. విప్పిన పాత బేరింగ్ నాకు చూపించండి. అది బాగానే ఉందో లేదో తిప్పి చూస్తే మీకే తెలుస్తుంది. పని అయ్యాక మీ మెకానిక్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఔటర్ మీద ఎనభైలో నడిపి చూపించాలి. ఈ రొదతో రోజూ శంషాబాద్ వెళ్లి రావాలంటే టెన్షన్‌గా ఉంది, కాబట్టి ఈ వారంలోనే తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ కస్టమర్,
మియాపూర్, హైదరాబాద్