బీరువా తాళం మార్చే ముందు తలుపు లోపల చూడాలి: మా షాపు కస్టమర్లకు

"అన్నా, బీరువా తాళం మామూలుగానే తిరుగుతోంది, కానీ గడియ పడట్లేదు. తలుపు పైన పట్టుకుని లాగితే వచ్చేస్తోంది. తాళం మార్చేయాలా?"

వద్దు, ఆగండి. ముందు తలుపు లోపలి లింకు చూద్దాం. ఈ మాట మేం ఇంతకుముందే చెప్పి ఉండాల్సింది. ఈ మధ్య రెండు ఇళ్లలో ఇదే కంప్లయింటుకు మేం నేరుగా కొత్త తాళం బిగించి డబ్బు తీసుకున్నాం. వారం తిరక్కుండానే రెండు చోట్లా మళ్లీ అదే సమస్య. తీరా విప్పి చూస్తే పాత తాళాల్లో ఏ లోపమూ లేదు. తప్పు మాది. ఆ తాళాల డబ్బు ఇద్దరికీ తిరిగి ఇచ్చేశాం.

హ్యాండిల్ ఉన్న బీరువాల్లో గడియ వేసేది తాళంచెవి కాదు, హ్యాండిలే. దాని వెనక తలుపు లోపల ఒక ఇనప ప్లేటు ఉంటుంది. ఆ ప్లేటుకు పైకి ఒకటి, కిందికి ఒకటి పొడవాటి కడ్డీలు పిన్నులతో తగిలించి ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే ప్లేటు తిరిగి, కడ్డీలు పైనా కిందా ఫ్రేములోని రంధ్రాల్లోకి వెళ్తాయి. తాళంచెవి చేసేదల్లా ఆ ప్లేటు మళ్లీ వెనక్కి తిరగకుండా అడ్డం పెట్టడమే. అందుకే లోపల పిన్ను ఊడిపోయినా తాళం హాయిగా తిరుగుతుంది, "టక్"మని చప్పుడు కూడా వస్తుంది. మనం గడియ పడిందనే అనుకుంటాం.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు. తలుపు తెరిచే ఉంచండి, మూసి మాత్రం ప్రయత్నించొద్దు. హ్యాండిల్‌ను గడియ వేసే వైపు తిప్పి, తలుపు పై అంచూ కింది అంచూ చూడండి. రెండు కడ్డీలూ బయటికి రావాలి. ఒకటే వస్తే రెండోదాని పిన్ను పోయినట్టు. ఏదీ కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరుగుతుంటే, హ్యాండిల్‌కూ ప్లేటుకూ మధ్య పట్టు పోయినట్టు. తర్వాత తాళం వేసి హ్యాండిల్ తిప్పి చూడండి. తిరక్కపోతే తాళం దాని పని అది చేస్తోంది. అప్పటికీ తిరుగుతుంటేనే తాళం వైపు అనుమానించాలి. అక్కడ కూడా తాళాన్ని తలుపుకు పట్టి ఉంచే స్క్రూలు వదులై, దాని నాలుక ప్లేటుకు అందకపోవడం మామూలే.

పోయిన నెల ఒకావిడ తన పెళ్లినాటి బీరువా చూపించారు. తాళం వేస్తే హ్యాండిల్ కదలదు, కానీ తలుపు పై మూల అంగుళం దాకా బయటికి వస్తోంది. లోపలి వైపు రేకు ఆరు స్క్రూలతో ఉంది, విప్పాం. పై కడ్డీ పిన్ను అరిగి తెగి, తలుపు అడుగున దుమ్ములో పడి ఉంది. పట్టు లేక కడ్డీ తన బరువుకే కిందికి జారింది. కొత్త పిన్ను పెడితే సరిపోయేదే, కానీ కడ్డీకి ఉన్న రంధ్రం కూడా అరిగి కోడిగుడ్డులా సాగిపోయింది. అలాగే పెడితే ప్లేటు తిరిగినా కడ్డీ పూర్తిగా పైకి వెళ్లదు, కొస మాత్రమే ఫ్రేములో తగులుతుంది. అందుకని ప్లేటుకూ కడ్డీకీ రంధ్రాలు కాస్త పెద్దవి చేసి గుండ్రంగా సరిచేశాం. వాషర్లు వేసి, దానంతటది వదులవ్వని లాక్ నట్‌తో చిన్న బోల్టు పెట్టాం. నట్టు బిగించేయకూడదు, కడ్డీ ఆడేంత సందు ఉంచాలి. అక్కడ పాత తాళమే ఉంది, కొత్తది అమ్మలేదు.

పిన్ను బదులు చాలామంది కరెంటు తీగ చుట్టేస్తారు. రాగి మెత్తన, నాలుగు రోజుల్లో అరిగి తెగుతుంది. దయచేసి అలా చేయించుకోవద్దు.

కింది కడ్డీ పిన్ను ఊడితే వ్యవహారం తిరగబడుతుంది. ఆ కడ్డీ జారి ఫ్రేము రంధ్రంలోనే ఉండిపోతుంది, హ్యాండిల్ తిప్పినా పైకి లేవదు. తలుపు పైభాగం వదులుగా ఆడుతూ కింది మూల మాత్రం బిగుసుకుని ఉంటే అదే అనుకోండి. టెన్షన్‌లో గునపం పెట్టి లాగితే రేకు వంగి తలుపు మళ్లీ సరిగ్గా కూర్చోదు. హ్యాండిల్ అలాగే వదిలేసి మాకు ఫోన్ చేయండి.

తెరిచి ఉన్నప్పుడు రెండు కడ్డీలూ బాగా వచ్చి, మూసినప్పుడు మాత్రం హ్యాండిల్ పూర్తిగా తిరక్కపోతే లోపల ఏమీ విప్పొద్దు. చాలాసార్లు బీరువా ఒక కాలు పల్లంలో ఉండి, కడ్డీ రంధ్రానికి ఎదురుగా రాక ఫ్రేముకు కొట్టుకుంటుంది. ఆ కాలి కింద చెక్క ముక్క పెట్టి రెండు తలుపుల అంచులూ సమానంగా వచ్చాయేమో చూడండి.

ఇకమీదట మా కుర్రాళ్లు మీ ముందే రేకు విప్పి, ఏది పోయిందో చూపించాకే పని మొదలుపెడతారు. తాళం మార్చాల్సి వస్తే పాతది మీ చేతికే ఇస్తారు. ఇంతకుముందు మా దగ్గర తాళం మార్పించుకున్నాక కూడా తలుపు ఊగుతున్నవాళ్లు చెప్పండి, వచ్చి ఉచితంగా విప్పి చూస్తాం.