శుక్రవారం పేమెంట్లు: వెల్డింగ్ రాడ్ల బిల్లు ఆగింది

అందరికీ నమస్కారం. మన విశాఖ ఆటోనగర్ గోడౌన్‌కి వచ్చిన వెల్డింగ్ రాడ్ల బిల్లు ఆపాను.

పీవోలో 100 ప్యాకెట్లు, ఒక్కోటి ₹640. బిల్లులోనూ అంతే. ఈ రెండే చూసుంటే సంతకం పెట్టేసేవాళ్లం! జీఆర్‌ఎన్‌లో మాత్రం తీసుకున్నవి 92. తడిసిన 8 వెనక్కి పంపాం. తేడా ₹5,120, దానిపై జీఎస్టీ వేరే.

స్టోర్స్ వాళ్లు: చలాన్ చూసి అంకె దించేయకండి. లెక్కపెట్టి, వచ్చినవి, తీసుకున్నవి విడివిడిగా రాయండి.
పర్చేజ్: ఆ 8 ప్యాకెట్లకు గురువారం సాయంత్రంలోపు క్రెడిట్ నోట్ తెప్పించండి.
అకౌంట్స్: రేటు పీవోతో, సంఖ్య జీఆర్‌ఎన్‌తో కలిస్తేనే అప్రూవ్ చేయండి.

మరోసారి చెప్తున్నా, బిల్లుకు సరిపోయేలా జీఆర్‌ఎన్ దిద్దొద్దు. సప్లయర్ తొందరపెడితే ఫోన్ నాకివ్వండి.