గడువు ఎప్పుడని అడిగితే 'వెబ్‌సైట్ చూడగలరు'

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థులు పంపే ఈ-మెయిళ్లకు తలా తోకా ఉండటం లేదని, ప్రవేశాల గడువు ఎప్పుడని అడగడం కూడా ఈనాటి పట్టభద్రులకు చేతకావడం లేదని విశ్వవిద్యాలయాల అధికారులు వాపోయినట్టు రెండు వారాల క్రితం మీ విశాఖ పేజీలో వచ్చిన వార్త చదివాను. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, ఆ రోజుల్లోనే మా వీధి అమ్మాయి ఒకతె సరిగ్గా అలాంటి మెయిల్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. దాని సంగతి తేలాకే రాయడం ధర్మమని ఆగాను. నేను ఒక విశ్వవిద్యాలయ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా విరమించినవాడిని. ఇటువంటి ఉత్తరాలకు అవతలి బల్ల దగ్గర కూర్చుని జవాబులు రాసిన అనుభవం ఉంది కనుక, అధికారుల ఫిర్యాదులో నిజం లేదని అనను. సగం నిజం ఉంది. మిగతా సగం వారు చెప్పలేదు, మీ విలేకరి అడగలేదు.

ఆ అమ్మాయి బీఎస్సీ చివరి సెమిస్టర్ పరీక్షలు రాసి, వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీకి దరఖాస్తు చేసింది. గాజువాకలో ఒక నెట్ సెంటరు వారు యాభై రూపాయలు తీసుకుని ఇంగ్లీషులో మెయిల్ తయారుచేసి ఇచ్చారు. విషయం అని ఉన్నచోట 'అర్జెంట్ సార్ ప్లీజ్' అని మాత్రమే ఉంది. తమరు సకుటుంబంగా క్షేమమని తలుస్తానన్న మాటతో మొదలై, తండ్రిగారి ఉద్యోగం, ఇంట్లో నెట్‌వర్క్ సరిగా అందకపోవడం, చిన్ననాటి నుంచి రసాయన శాస్త్రం మీద ఉన్న మక్కువ, ఇవన్నీ దాటాక పదిహేనో వరుసలో 'లాస్ట్ డేట్ ఎప్పుడు' అన్న ప్రశ్న కనబడింది. ఆ తర్వాత మళ్లీ నాలుగు వరుసల ప్రార్థన, చివర 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్'. దరఖాస్తు నంబరు ఎక్కడా లేదు. వైస్ ఛాన్సలర్ మొదలుకొని వెబ్‌సైట్‌లో దొరికిన అయిదు చిరునామాలకూ ఒకేసారి పంపేందుకు సిద్ధంగా ఉంది. అయిదుగురికి వెళ్లిన ఉత్తరానికి మిగతా నలుగురిలో ఎవరో జవాబిస్తారని అయిదుగురూ అనుకుంటారన్నది ఆఫీసులో పని చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?

ఇది బాగా పెద్దదైపోయిందమ్మా, కుదించు అన్నాను. పావుగంటలో ఒకే ఒక్క వరుస చేసి తెచ్చింది: 'సార్, ఎమ్మెస్సీ లాస్ట్ డేట్ ఎప్పుడు?' పొడవుగా ఉన్నప్పుడు ప్రశ్న కనబడలేదు, పొట్టిగా చేశాక ప్రశ్నకు అర్థమే పోయింది. ఎందుకంటే ప్రవేశాలకు ఉండేది ఒక్క ఆఖరు తేదీ కాదు. ఆ నోటిఫికేషన్‌లోనే ఆన్‌లైన్ నమోదుకు జులై 10, రుసుముకు జులై 12, ధ్రువపత్రాల అప్‌లోడ్‌కు జులై 18 అని మూడు తేదీలున్నాయి. ఈ అమ్మాయి జూన్ 28నే నమోదు చేసుకుని రుసుము కూడా కట్టేసింది కనుక మొదటి రెండింటితో ఆమెకు పని లేదు. ఆఫీసులో ఎవరో దయతలచి 'జులై 10' అని జవాబిచ్చి ఉంటే అది తప్పు జవాబూ కాదు, పనికొచ్చే జవాబూ కాదు.

అసలు నీకు కావలసిందేమిటని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఆరో సెమిస్టర్ ఫలితాలు ఇంకా రాలేదు, మార్కుల మెమో చేతిలో లేదు, మెమో లేకుండా ఆ గడువు దాటిపోతే ఏమవుతుందన్నదే ఆమె భయం. ఈ మాట ఆ రెండు వందల పైచిలుకు మాటల మెయిల్‌లో ఎక్కడా లేదు. లేకపోగా, 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ' అని ఉంది. మనం ఇళ్లల్లో పరీక్షలు రాసేయగానే 'డిగ్రీ అయిపోయింది' అంటాం, అందులో తప్పేమీ లేదు. ఆ వాడుకే ఇంగ్లీషులోకి ఎక్కి కూర్చుంది. ప్రవేశాల విభాగంలో ఆ వాక్యాన్ని చదివే గుమాస్తా మాత్రం, ఈమె ఉత్తీర్ణురాలైంది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతిలో ఉంది అనుకుంటాడు. ఉత్తీర్ణులైనవారికి ఒక నిబంధన, ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవారికి మరో నిబంధన ఉన్నప్పుడు, ఆ ఒక్క మాట వల్ల ఆమె ప్రశ్న వేరే వరుసలోకి వెళ్లిపోతుంది. వ్యాకరణం తప్పయితే చదివేవాడు సర్దుకుని చదువుకుంటాడు. వ్యాకరణం సరిగ్గానే ఉండి విషయం తప్పయిన ఇలాంటి వాక్యాన్ని ఎవరూ సర్దలేరు. పిల్లల ఇంగ్లీషును వెక్కిరించే పెద్దలు ఈ తేడాను ఎప్పుడు గమనిస్తారో తెలియదు.

ఇంకొకటి కూడా దొరికింది. నోటిఫికేషన్ 7వ నిబంధనలో జులై 18 అని ఉంటే, వెబ్‌సైట్ మొదటి పేజీలో ఎర్రటి అక్షరాలతో పరుగెత్తే వార్తలో అదే పనికి జులై 15 అని ఉంది. ఆ అమ్మాయి రెండూ చూసింది, చూసే కంగారుపడింది, కంగారుపడే నెట్ సెంటరుకు పరుగెత్తింది. కానీ పెద్దవారి తప్పు ఎత్తిచూపినట్టవుతుందని ఆ సంగతి రాయడానికి జంకింది. 'తాతగారూ, అలా రాస్తే కోపం వచ్చి సీటు ఇవ్వరేమో' అంది. మెయిళ్లలో కనబడే ఆ సకుటుంబ క్షేమాలు, ఆ ప్రార్థనలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అధికారులు ఇప్పటికైనా గ్రహిస్తే సంతోషిస్తాను.

మూడోసారి ఇద్దరం కూర్చుని రాసిన మెయిల్ ఇంగ్లీషులో ఎనభై మాటలు దాటలేదు. దాన్ని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. విషయం అన్నచోట 'ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ ప్రవేశం, ఆరో సెమిస్టర్ మెమో అప్‌లోడ్ గడువు' అని రాసి, పక్కనే దరఖాస్తు నంబరు వేశాం. లోపల ఇంతే:

'అయ్యా/అమ్మా, నేను పై కోర్సుకు జూన్ 28న దరఖాస్తు చేసి, రుసుము చెల్లించాను. బీఎస్సీ ఆరో సెమిస్టర్ పరీక్షలు రాశాను, ఫలితాలు ఇంకా ప్రకటించలేదు. ధ్రువపత్రాల అప్‌లోడ్‌కు నోటిఫికేషన్ 7వ నిబంధనలో జులై 18 అని, వెబ్‌సైట్ మొదటి పేజీలో జులై 15 అని ఉంది. వీటిలో ఏ తేదీ వర్తిస్తుంది? ఆ తేదీలోగా ఫలితాలు రాకపోతే ఆరో సెమిస్టర్ మెమోను ఎప్పటిలోగా సమర్పించవచ్చు? దయచేసి తెలుపగలరు.'

కింద పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే పూర్తి పేరు, దరఖాస్తు నంబరు, ఫోన్ నంబరు. 'వీలైనంత త్వరగా' అన్న మాట తీసేశాం, తేదీలు చూస్తే తొందర ఏపాటిదో వారికే తెలుస్తుంది. 'మొన్న కట్టాను' అన్నచోట జూన్ 28 అని వేయించాను, ఆ మెయిల్‌ను వారు ఏ రోజున తెరుస్తారో మనకు తెలియదు గదా. ప్రవేశాల విభాగం చిరునామా ఒక్కదానికే జులై 6న పంపించింది.

ఇక్కడితో విద్యార్థిని బాధ్యత తీరింది. ఇక రెండో సగం వినండి. నాలుగు రోజుల తర్వాత, జులై 10న జవాబు వచ్చింది. అందులో ఉన్నది ఒకే ముక్క: 'వెబ్‌సైట్ చూడగలరు.' పేరు లేదు, హోదా లేదు. వెబ్‌సైట్‌లో ఒకటి, నోటిఫికేషన్‌లో ఒకటి ఉంది, ఏది సరైనదని అడిగిన మనిషిని మళ్లీ వెబ్‌సైటే చూడమన్నారు! తలా తోకా లేని మెయిళ్ల గురించి పత్రికలకెక్కినవారు తమ కార్యాలయాల నుంచి వెళ్లే ఇలాంటి వాటిని ఏ కోవలో చేరుస్తారో సెలవియ్యాలి.

మా రోజుల్లో అర్ధరూపాయి పోస్టుకార్డు వచ్చినా తపాలు గుమాస్తా దాని మీద ఇన్‌వర్డ్ నంబరు వేసి, ఏ సెక్షనుకు పంపాడో రిజిస్టరులో రాసేవాడు. జవాబు వెళ్లకపోతే ఆ కార్డు ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పడానికి ఆ రిజిస్టరు చాలు. మేమంతా పుణ్యపురుషులమని కాదు, ఆ నంబరుకు భయపడేవాళ్లం. ఇప్పుడు మెయిల్‌కు నంబరు లేదు, బల్ల లేదు, జవాబు మీద సంతకమూ లేదు. ఒకే మెయిల్ పెట్టెను ముగ్గురు నలుగురు తెరుస్తారు, ఎవరు ఏ జవాబిచ్చారో పక్కవారికి తెలియదు. కంప్యూటర్లు కొన్నాం కాబట్టి రిజిస్టర్లు అక్కర్లేదనుకున్న రోజునే ఈ తెగులు పట్టుకుంది.

ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. కొత్త మెయిల్ మొదలుపెట్టవద్దని, వచ్చిన జవాబుకే తిరుగు జవాబు రాయమని చెప్పాను. అలా రాస్తే మొదటి ప్రశ్న కిందే ఉంటుంది, అడిగిందేమిటో చెప్పిందేమిటో తెరిచిన ప్రతివారికీ ఒకేచోట కనబడుతుంది. పైన రెండు వాక్యాలే రాసింది: 'వెబ్‌సైట్ చూశాను, అందులోని జులై 15 నోటిఫికేషన్‌తో సరిపోవడం లేదు. రెండు పేజీల చిత్రాలు జతచేశాను, ఏ తేదీ వర్తిస్తుందో దయచేసి తెలుపగలరు.' మొదటి మెయిల్‌తోనే ఆ చిత్రాలు పంపించి ఉండాల్సింది, అది నాకు తట్టలేదు. ఆ పొరపాటు నాదే.

మర్నాటికి ఈసారి ఒక సెక్షన్ ఆఫీసరు హోదాతో జవాబు వచ్చింది. జులై 18 సరైనదని, ఫలితాలు రానివారు ఆ తేదీలోగా హామీపత్రం, అప్పటిదాకా ఉన్న అయిదు సెమిస్టర్ల మెమోలు పెడితే చాలని, ఆరో సెమిస్టర్ మెమోకు ఆగస్టు 31 వరకు వ్యవధి ఉందని స్పష్టంగా రాశారు. ఆ చివరి రెండు ముక్కలూ నోటిఫికేషన్‌లోనే వేసి ఉంటే వారి పెట్టెలోకి ఎన్ని మెయిళ్లు రాకుండా పోయేవో వారే లెక్క వేసుకోవచ్చు. జులై 12 ఉదయానికి వెబ్‌సైట్‌లో ఎర్రటి అక్షరాలు మారి 18 అయ్యాయి. సవరణ అన్న మాట లేదు, మొదట తప్పు పడిందన్న ఒప్పుకోలు లేదు. 15 అన్నది చూసి గడువు దాటిపోతుందని మెమో లేకుండానే ఆశ వదులుకున్న పిల్లలు ఎవరైనా ఉంటే, ఆ మార్పు వారికి ఎవరు చెప్పారో తెలియదు.

కనుక మీకు నా విన్నపం ఒకటే. ఈసారి మీ విలేకరి విద్యార్థుల మెయిళ్ల గురించి రాయడానికి ఏ విశ్వవిద్యాలయానికైనా వెళ్లినప్పుడు, ప్రవేశాల విభాగం నుంచి అదే వారంలో వెళ్లిన జవాబులు ఒక పది చూపించమని అడగాలి. రెంటినీ పక్కపక్కన అచ్చువేయండి, దిద్దే పని పాఠకులం మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
సీతమ్మధార, విశాఖపట్నం