ఏడు ఫోన్లు, మూడు ఫిర్యాదు నంబర్లు, జవాబు మాత్రం లేదు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి రాస్తున్నాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. పదకొండేళ్లుగా మా ఇంట్లోనూ స్టూడియోలోనూ మీ రౌటర్లే వాడుతున్నాం. నా మాట విని మా బావమరిది కూడా మీదే కొన్నాడు. ఇప్పుడు అతనికి ముఖం చూపించలేకపోతున్నాను.

నా కష్టం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. గిగాబిట్ కనెక్షన్‌లో 930 మెగాబిట్లు వచ్చే వేగం ఒకరోజు 280కి పడిపోయింది. ఈ ఒక్క వాక్యం పూర్తిగా వినే మనిషి మీ సంస్థలో ఇంతవరకు నాకు దొరకలేదు.

మొదటి అమ్మాయి రౌటర్‌ను ఆపి మళ్లీ వేయమంది. వేశాను. రెండో ఆయన కేబుల్ మార్చమన్నాడు. మార్చాను. మూడో ఆయన తప్పు ఇంటర్నెట్ సంస్థదని తేల్చేశాడు. వాళ్ల కుర్రవాడు వచ్చి, తన ల్యాప్‌టాప్‌ను నేరుగా వాళ్ల పెట్టెకు తగిలించి 940 చూపించి, "మా వైపు ఏమీ లేదు సార్" అని కాఫీ తాగి వెళ్లాడు. ఆ మాట చెబుదామని మళ్లీ మీకు ఫోన్ చేస్తే, పాత ఫిర్యాదును "పరిష్కరించబడింది" అని మూసేశారట! ఎవరు పరిష్కరించారో కాస్త చెబితే శాలువా కప్పి సన్మానం చేస్తాను. అయిదో ఆమె వైఫైకి గోడలు అడ్డమేమో అంది. నాది వైఫై కాదమ్మా, తీగ అన్నాను. అయినా రౌటర్‌ను ఎత్తైన చోట పెట్టమంది. ఆరో కాల్ ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి తెగిపోయింది. ఏడో ఆయన మళ్లీ ఆపి వేయమన్నాడు.

అసలు సంగతి చివరికి ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు పది నిమిషాల్లో పట్టుకున్నాడు. "మామయ్యా, ఈమధ్య ఇందులో ఏదైనా మార్చావా?" అని అడిగాడు. మీ వాళ్లలో ఒక్కరికీ తోచని ప్రశ్న ఇది. అవును, మార్చాను. నేను ఫైళ్లు పంపుతుంటే మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతోందని, ఎవరి డేటా ముందు వెళ్లాలో చూసే QoS అనే మీట నొక్కాను. వాడు దాన్ని తీసేశాడు, 930 వచ్చింది. మళ్లీ వేశాడు, 280. పరీక్ష నడుస్తున్నంతసేపూ రౌటర్ పేజీలో ప్రాసెసర్ వాడకం 100 శాతం దగ్గరే నిలబడింది. మీట తీసేస్తే అదే పరీక్షకు ఆ అంకె అయిదారు దాటలేదు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. డేటా ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. ఒక కనెక్షన్‌లో మొదటి కొన్ని ప్యాకెట్లనే రౌటర్ ప్రాసెసర్ విప్పి చూస్తుంది. ఎక్కడికి పోతోంది, చిరునామా ఎలా మార్చాలి అన్నది తేల్చి ఆ వివరాన్ని చిప్‌లోని పట్టికలో రాస్తుంది. అక్కడి నుంచి మిగతావన్నీ ప్రాసెసర్ గడప తొక్కకుండా చిప్‌లోంచే వెళ్లిపోతాయి. ఒక పెళ్లి బృందంలో మొదటి బస్సును తనిఖీ చేసి, వెనుక బస్సులను వదిలేసినట్టన్నమాట. (అలిపిరిలో అలా వదలరు, అది వేరే సంగతి.) దీన్ని హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడ్ అంటారట. మీ 930 దీని పుణ్యమే.

QoS వేస్తే ఎవరి ప్యాకెట్ ముందు, ఎవరిది వెనుక అని నిర్ణయించాలి కనుక, ఈ రౌటర్‌లో ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ ముందు నిలబడాలి. దగ్గరి దారి మూతపడుతుంది. గిగాబిట్ వేగంలో పెద్ద ప్యాకెట్లే సెకనుకు 80 వేలకు పైగా వస్తాయి. మీ చిన్న ప్రాసెసర్‌కు అంత ఓపిక లేదు. ఏ పరికరం ఎంత డేటా వాడిందో లెక్కపెట్టే మీట వేసి చూశాం, అప్పుడూ ఇంతే. కొన్ని ఖరీదైన చిప్‌లు ఈ వరుసలు కట్టే పనిని కూడా తామే చేస్తాయట. మీరు అది పెట్టలేదు. పెట్టనందుకు నాకు కోపం లేదు. 200 మెగాబిట్ల ప్లాన్ ఉన్న మా బావమరిదికి ఈ తేడా ఎన్నటికీ తెలియదు.

నా కోపమల్లా ఒక్కటే. ఆ మీట వేసేటప్పుడు "వేగం తగ్గుతుంది" అని ఒక్క వాక్యం తెర మీద రాయడానికి మీకు చేయి రాలేదు. పెట్టె మీద "గిగాబిట్" అని నిమ్మకాయంత అక్షరాలు, పక్కనే "QoS ఉంది" అని ఇంకో ముద్ర. రెండూ కలిసి పనిచేయవన్న మాట ఎక్కడా లేదు.

ఆ వాక్యం చేర్చండి. QoS వేస్తే ఎంత వేగం వస్తుందో కొలిచి రాతపూర్వకంగా నాకు పంపండి. ఆ అంకె నా పనికి సరిపోకపోతే రౌటర్ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తరువాత 1915కు ఫోన్ చేస్తాను, అవసరమైతే వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కుతాను. ఏడు కాల్‌ల తేదీలూ సమయాలూ నా డైరీలో ఉన్నాయి.

దయచేసి ఈ ఉత్తరానికి జవాబుగా రౌటర్‌ను ఆపి వేయమని మాత్రం రాయకండి.

ఇట్లు,
మీ పదకొండేళ్ల వినియోగదారుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి