అవార్డు మార్కులు ఎందుకు బయటపెట్టరు?

సంపాదకుడు గారికి,

జాతీయ ఉపాధ్యాయ అవార్డులకు దరఖాస్తులు పిలుస్తూ వచ్చిన ప్రకటనను గత వారం మీ పత్రికలో వేశారు. ఎంపిక పూర్తిగా పారదర్శకం అని అందులో ఉంది. అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

2018 నుంచి టీచరు తన దరఖాస్తు తానే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఎమ్మెల్యే ఉత్తరం కోసం తిరగనక్కర్లేదు. ఇది నిజంగా మంచి మార్పు. పదేళ్ల సర్వీసు ఉండాలి, ట్యూషన్లు చెప్పి ఉండకూడదు. ఇవీ సబబే. డీఈఓ అధ్యక్షతన ముగ్గురి కమిటీ జిల్లా నుంచి మూడు పేర్లు రాష్ట్రానికి పంపుతుంది. అక్కడ వడపోత అయ్యాక తుది నిర్ణయం జాతీయ జ్యూరీది.

మొత్తం 100 మార్కుల్లో కచ్చితంగా లెక్కకట్టగలిగేవాటికి 10 మాత్రమే. మిగతా 90 పనితీరుకు, అంటే కొత్త బోధనా పద్ధతులు, పిల్లలపై వాటి ప్రభావం వంటివాటికి. వాటికి రుజువుగా ఫొటోలు, వీడియోలు, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. తేడా వచ్చేది ఇక్కడే.

మా మండలంలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాల ఉంది. అయిదు తరగతులూ ఒక్క టీచరమ్మే చూస్తుంది. చింతపిక్కలు పదేసి చొప్పున గుడ్డమూటలు కట్టించి, మూట విప్పి అప్పు తెచ్చుకునే తీసివేత నేర్పుతుంది. మూడో తరగతి పిల్లలు 52లోంచి 27 తడుముకోకుండా తీసేస్తారు. ఆమె దగ్గర దానికి ఫొటో లేదు. ఎవరు తీస్తారు? ఆమె పాఠం చెప్పాలి, కోడిగుడ్ల లెక్క రాయాలి, యాప్‌లో హాజరు వేయాలి. సిగ్నల్ కోసం గట్టెక్కాలి. బోధనేతర పనులన్నీ టీచర్ల నెత్తిన రుద్ది, ఆ పైన వీడియోలేవి అని అడగడం ఏం న్యాయం? పదిమంది సిబ్బంది ఉన్న బడిలో ఆల్బమ్ తయారు చేయడానికి మనిషి దొరుకుతాడు. కమిటీ బల్ల మీదికి వచ్చేది ఆ ఆల్బమే.

ఆమె ఒక ఏడాది దరఖాస్తు పెట్టింది. ఎన్ని మార్కులొచ్చాయో, ఎక్కడ తగ్గిందో ఇప్పటికీ తెలియదు. అడిగితే ఆఫీసులో "పై నుంచి లిస్టు వచ్చేసిందమ్మా" అన్నారు. డీఎస్సీ రాసినవాళ్లకు మార్కులు చెబుతారు, పదో తరగతి పిల్లలకూ చెబుతారు. అవార్డు మార్కులకు మాత్రం ఈ గుట్టు ఎందుకు?

జిల్లాలో దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ ఏ అంశంలో ఎన్ని మార్కులు వేశారో డీఈఓ కార్యాలయం నోటీసు బోర్డులో పెట్టాలి. మూడు పేర్లు ఖరారు చేసే ముందు కమిటీ సభ్యులు చెప్పకుండా ఒక పూట ఆ బడులకు వెళ్లాలి. పిల్లల చేత పుస్తకం చదివించాలి, లెక్క చేయించాలి. ఈ ఏడాది దరఖాస్తుల పరిశీలన మొదలయ్యేలోగా జిల్లా అధికారులు దీనికి మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పార్వతీపురం